హాల్ టికెట్ ఆపేశారా? ముందు ఎక్కడ ఆగిందో కనుక్కోండి

సెమిస్టర్ పరీక్షలకు మూడు రోజుల ముందు ఎగ్జామ్ బ్రాంచ్ కిటికీ దగ్గర ఏటా ఒకే దృశ్యం. క్లర్క్ జాబితా మీద వేలు పెట్టి కిందికి జరుపుకుంటూ వచ్చి, "నీది లేదమ్మా, హెచ్‌ఓడీని కలువు" అంటాడు. హెచ్‌ఓడీ దగ్గరికి వెళ్తే అకౌంట్స్‌లో కనుక్కోమంటారు. అకౌంట్స్ వాళ్లు ప్రిన్సిపాల్ రావాలంటారు. సాయంత్రానికి కాళ్లు పీకుతాయి గానీ, హాల్ టికెట్ ఎందుకు ఆగిందో మాత్రం తెలియదు. ఊళ్లో ఉన్న నాన్నకు ఫోన్ చేసి ఏం చెప్పాలో కూడా తెలియదు.

నేను ఒక అనుబంధ ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతాను. నాలుగేళ్లు మా డిపార్ట్‌మెంట్ అటెండెన్స్ లెక్కలు నా చేతిలోనే ఉన్నాయి. ఆ కిటికీకి రెండు వైపులా నిలబడ్డవాణ్ని కాబట్టి, జేఎన్టీయూల పరిధిలోని బీటెక్ విద్యార్థిని దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను. ఇంటర్ సంగతి వేరు, దాని గురించి చివరలో చెబుతాను.

తయారయి ఆగిందా, తయారే కాలేదా?

మీరు మొదట అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: "నా నంబరు మీద హాల్ టికెట్ జనరేట్ అయిందా, లేదా?" దీనికి జవాబు ఎగ్జామ్ బ్రాంచ్‌లోనే దొరుకుతుంది. వేరే ఎవరినీ అడగకండి.

జరిగేది ఇదీ. క్లాసులు ముగిశాక కాలేజీ ప్రతి విద్యార్థి హాజరు శాతం లెక్క తీసి మూడు వర్గాలు చేస్తుంది. ఒకటి అర్హులు. రెండోది హాజరు లోటును మన్నించి, కండొనేషన్ ఫీజు కట్టించుకుని అనుమతించాల్సినవాళ్లు. మూడోది డీటెయిన్ అయినవాళ్లు. ఈ వివరాలు యూనివర్సిటీకి వెళ్లాక, పరీక్ష ఫీజు కట్టి రిజిస్టర్ అయినవాళ్లకు హాల్ టికెట్లు తయారవుతాయి. కాలేజీ వాటిని డౌన్‌లోడ్ చేసి, ప్రింట్ తీసి పంచుతుంది. అటానమస్ కాలేజీల్లో ఈ పనంతా కాలేజీలోని పరీక్షల విభాగమే చేసుకుంటుంది, కానీ వరుస ఇదే.

హాల్ టికెట్ తయారై కాలేజీ బల్ల మీద ఆగిందంటే నూటికి తొంభై పాళ్లు అది బాకీ గొడవ. అంటే మీకు అర్హత ఉందని యూనివర్సిటీ ఒప్పుకుంది, కాగితం చేతికి ఇవ్వడం లేదు, అంతే. అసలు తయారే కాలేదంటే హాజరు తక్కువ పడిందన్నా అయి ఉండాలి, పరీక్ష ఫీజు రిజిస్ట్రేషన్ పడలేదన్నా అయి ఉండాలి. రెండోదైతే లేట్ ఫీజు గడువు ఇంకా ఉందేమో అదే రోజు చూసుకోండి. యూనివర్సిటీ నోటిఫికేషన్లలో రోజులు గడిచేకొద్దీ ఆ ఫీజు పెరుగుతూ పోతుంది.

'డీటెయిన్' అనే మాట రెండు అర్థాల్లో వాడతారని కూడా గుర్తుంచుకోండి. క్రెడిట్లు సరిపోక పై సంవత్సరానికి పంపకపోవడాన్నీ డీటెయిన్ అనే అంటారు. అది వేరే సమస్య. అందులో హాల్ టికెట్ ఆపరు, మిగిలిన పేపర్లు రాసుకోనిస్తారు. ఇక్కడ మాట్లాడుతున్నది హాజరు తక్కువై, ఈ సెమిస్టర్ పరీక్షే రాయనివ్వకపోవడం గురించి.

ఆరు పీరియడ్ల కథ

రూల్ ముందు చెప్పి, తర్వాత ఒక అమ్మాయి సంగతి చెబుతాను. జేఎన్టీయూ రెగ్యులేషన్ల ప్రకారం సెమిస్టర్‌లో అన్ని సబ్జెక్టులూ కలిపి 75 శాతం హాజరు ఉండాలి. 65కీ 75కీ మధ్య ఉంటే, సరైన కారణం, దానికి రుజువు చూపిస్తే కాలేజీ అకడమిక్ కమిటీ ఆ లోటును మన్నించవచ్చు. దాన్నే కండొనేషన్ అంటారు. దానికి నిర్ణీత ఫీజు ఉంటుంది. 65 శాతానికి తగ్గితే ఎట్టి పరిస్థితుల్లోనూ మన్నించకూడదని రెగ్యులేషన్‌లోనే రాసి ఉంది. 64.9 అంటే 64.9 అనే లెక్క, దాన్ని 65 చేయరు. ఆంధ్రప్రదేశ్‌లోని ఆర్23 రెగ్యులేషన్‌లో దీనికి తోడు ప్రతి సబ్జెక్టులోనూ కనీసం 40 శాతం ఉండాలి. మీది ఏ రెగ్యులేషనో మీ మార్కుల మెమో మీదనో, యూనివర్సిటీ సైట్‌లోనో చూసి, ఆ పీడీఎఫ్‌లో హాజరు గురించి ఉన్న పేజీ ప్రింట్ తీసుకోండి. రేపు ఎవరితో మాట్లాడినా ఆ పేజీ చేతిలో ఉండాలి.

ఆ అమ్మాయి మూడో సంవత్సరం. సెమిస్టర్ మధ్యలో డెంగ్యూ వచ్చి మూడు వారాలు రాలేదు. అంతకుముందూ, తర్వాతా కూడా కొన్ని మానేసింది. లిస్ట్ అంటించేసరికి ఆమె పేరు డీటెయిన్డ్‌లో ఉంది. మొత్తం జరిగిన పీరియడ్లు 480. హాజరైనవి 306. అంటే 63.75 శాతం. 65 శాతానికి 312 కావాలి. ఆరు పీరియడ్లు తక్కువ.

వాళ్ల నాన్న నా దగ్గరికి వచ్చి, "సార్, ఆరు పీరియడ్లు మీరే ఎలాగైనా వేయండి" అన్నారు. నేను వేయలేను, ఎవరూ వేయకూడదు కూడా. అలా వేయమని అడిగితే నిజంగా న్యాయం ఉన్న కేసు కూడా పాడవుతుంది. "ముందు సబ్జెక్టువారీగా, తేదీలవారీగా ప్రింటవుట్ అడగండి, శాతం ఒక్కటే చూసి ఊరుకోవద్దు" అన్నాను.

ప్రింటవుట్ వచ్చాక ఆ అమ్మాయి ఫోన్‌లోని ఫొటోలు, నోట్స్‌లోని తేదీలు, ల్యాబ్ రికార్డు ముందు పెట్టుకుని ఒక్కో వరుసా చూసింది. రెండో మిడ్ జరిగిన తేదీల దగ్గర ఆగింది. మిడ్ పరీక్షకు హాజరైతే ప్రతి థియరీ సబ్జెక్టుకూ రెండు పీరియడ్ల హాజరు లెక్కించాలని జేఎన్టీయూహెచ్ రెగ్యులేషన్‌లో ఉంది. ఐదు సబ్జెక్టులు, అంటే పది పీరియడ్లు. జరిగిన 480 పీరియడ్లలో ఆ పదీ ఉన్నాయి. ఆమె హాజరులో మాత్రం లేవు. కారణం చిన్నదే. జ్వరం తగ్గిన నీరసంతో మూడో అంతస్తు ఎక్కలేనంటే, ఆ అమ్మాయి చేత కింది గదిలో మిడ్ రాయించారు. ఆ గది హాజరు షీట్ వాళ్ల సెక్షన్ ఫైల్‌లోకి చేరలేదు. రిజిస్టర్‌లో ఆ ఐదు పరీక్షల దగ్గరా ఎర్ర ఇంకుతో 'ఏ' అని ఉంది. అదే పరీక్షలకు దిద్దిన మార్కులు మాత్రం సిస్టంలో ఉన్నాయి. రాయని పరీక్షకు మార్కులు ఎలా వస్తాయి? ఆమె దరఖాస్తులో రాసింది ఆ ఒక్క ముక్కే, మార్కుల ప్రింట్ జతచేసి.

పది కలిపితే 316. శాతం 65.83. అప్పుడు ఆమె డీటెయిన్డ్ జాబితా నుంచి కండొనేషన్ జాబితాలోకి వచ్చింది.

ఇలాంటి తప్పులు ఎక్కడెక్కడ జరుగుతాయో చెబుతాను, మీ ప్రింటవుట్‌లో వెతుక్కోండి. మిడ్ తేదీలు మొదటిది. రెండోది ల్యాబ్ బ్యాచ్ మార్పు. బ్యాచ్ ఏ నుంచి బ్యాచ్ బీకి మారినవాళ్ల పేరు కొన్ని వారాలు పాత షీట్‌లోనే ఉండి, రెండు చోట్లా ఆబ్సెంట్ పడుతుంది. మూడోది ఎన్ఎస్ఎస్, ఎన్సీసీ, క్రీడలు, కాలేజీ పంపిన పోటీలకు వెళ్లిన రోజులు. కాలేజీ అనుమతితో వెళ్లినా, ఆన్ డ్యూటీ లెటర్ హెచ్‌ఓడీ బల్ల మీదనే ఉండిపోయి సిస్టంలోకి ఎక్కదు. ఒకే ఇంటిపేరుతో, చివరి అంకె మాత్రమే తేడా ఉన్న రోల్ నంబర్ల మధ్య హాజరు అటూ ఇటూ పడటం కూడా చూశాను.

తప్పు దొరికితే నోటితో చెప్పి ఊరుకోకండి. తేదీ, పీరియడ్, సబ్జెక్టు, రుజువు ఏమిటి అనే నాలుగు వివరాలతో పట్టిక రాసి హెచ్‌ఓడీకి ఇవ్వండి. రెండో కాపీ మీద ముట్టినట్టు సంతకం, తేదీ వేయించుకోండి. వాళ్లు తీసుకోకపోతే అదే విషయం కాలేజీ ఇచ్చిన ఈమెయిల్ నుంచి హెచ్‌ఓడీకీ, ప్రిన్సిపాల్‌కీ పంపండి. కాగితం స్పీడ్ పోస్ట్‌లో కూడా వేయండి. ఆ రసీదు ముక్క తర్వాత చాలా పనికొస్తుంది.

కండొనేషన్ దరఖాస్తు

65 దాటారని తేలాక సమస్య తీరిపోయిందనుకోకండి. కండొనేషన్ అడిగితేనే వస్తుంది, అడిగినంత మాత్రాన వచ్చేది కూడా కాదు. కారణం నిజమైనదని కమిటీకి నమ్మకం కలగాలి. ఆ అమ్మాయికి 75 శాతానికి కావాల్సింది 360 పీరియడ్లు, ఉన్నవి 316. లోటు 44. వారానికి ముప్పై పీరియడ్ల చొప్పున ఆస్పత్రి, విశ్రాంతి కలిసిన మూడు వారాలు 90 పీరియడ్లు. అంటే జ్వరం వల్ల పోయిన రోజులే లోటు మొత్తాన్నీ మించి ఉన్నాయి. ఈ లెక్క దరఖాస్తులోనే చూపించాలి. మానేసిన రోజులన్నింటికీ కారణాలు చెప్పక్కర్లేదు. లోటుకు సరిపడా రోజులు నిజమైన కారణంతో పోయాయని చూపిస్తే చాలు.

ఆ దరఖాస్తు ఇలా ఉంది. మీ కాలేజీలో ఇంగ్లిష్‌లో రాయమంటే ఇదే సంగతి ఇంగ్లిష్‌లో రాయండి.

"ప్రిన్సిపాల్ గారికి, హెచ్‌ఓడీ గారి ద్వారా. నేను మూడో సంవత్సరం రెండో సెమిస్టర్ విద్యార్థిని. డెంగ్యూ వల్ల 22 రోజులు తరగతులకు రాలేకపోయాను. డిశ్చార్జ్ సమ్మరీ, రక్త పరీక్ష రిపోర్టులు, మందుల బిల్లులు జతచేశాను. సవరించిన లెక్క ప్రకారం నా హాజరు 480కి 316, అంటే 65.83 శాతం. రెగ్యులేషన్ ప్రకారం 75 శాతానికి 44 పీరియడ్ల లోటు ఉంది, అనారోగ్యంతో రాలేకపోయిన పీరియడ్లు 90. దయచేసి నా లోటును అకడమిక్ కమిటీ ముందు పెట్టి కండొనేషన్ మంజూరు చేయగలరు. నిర్ణీత ఫీజు చెల్లించడానికి సిద్ధంగా ఉన్నాను. నిర్ణయాన్ని రాతపూర్వకంగా తెలియజేయగలరు."

చివరి వాక్యం మాత్రం ఎప్పుడూ వదలకండి. "కమిటీ ఒప్పుకోలేదు" అని నోటిమాటగా చెబితే మీరు పైకి వెళ్లడానికి పట్టుకునే ఆధారం ఉండదు. కారణంతో కూడిన కాగితం ఉంటేనే దాన్ని ప్రశ్నించగలరు.

మెడికల్ సర్టిఫికెట్ గురించి ఒక మాట. జబ్బు తగ్గిన రెండు నెలలకు, లిస్ట్ అంటించాక తెచ్చిన సర్టిఫికెట్‌ను కమిటీలో అందరూ అనుమానంతోనే చూస్తారు. జబ్బు పడ్డ రోజుల్లోనే తీసుకున్న ల్యాబ్ రిపోర్టు, ఫార్మసీ బిల్లు, ఆస్పత్రి ఓపీ చీటీ మాట వేరు. ఒట్టి సర్టిఫికెట్ కన్నా వాటికి విలువ ఎక్కువ. అందుకే జ్వరం తగ్గి కాలేజీకి వచ్చిన మొదటి రోజే అవన్నీ క్లాస్ ఇన్‌చార్జికి ఇచ్చి కాపీ మీద సంతకం పెట్టించుకోవాలి. ఎవరో తెచ్చిపెట్టే దొంగ సర్టిఫికెట్ జోలికి మాత్రం వెళ్లకండి. డాక్టర్‌కు ఫోన్ చేసి కనుక్కునే కాలేజీలు ఉన్నాయి. దొరికితే హాజరు సమస్య కాస్తా మోసం కేసుగా మారుతుంది.

ఫీజు రసీదులో 'కండొనేషన్' అని స్పష్టంగా ఉండాలి. 'ఫైన్' అనో 'ఇతరములు' అనో రాస్తే అప్పుడే సరిచేయించండి. ఏ హెడ్ కింద కట్టారో రేపు యూనివర్సిటీకి చూపించాల్సి రావచ్చు.

నిజంగానే 65 రాకపోతే

లెక్కంతా సరిచూసినా 65 రాకపోతే ప్రిన్సిపాల్ చేతిలో కూడా ఏమీ ఉండదు. డబ్బు కడితే చేసిపెడతామని ఎవరైనా అంటే నమ్మకండి. ఆ సెమిస్టర్ రిజిస్ట్రేషన్ రద్దవుతుంది, ఇంటర్నల్ మార్కులు కూడా పోతాయి. పై సెమిస్టర్‌కు పంపరు. మళ్లీ అదే సెమిస్టర్ వచ్చినప్పుడు, అంటే ఏడాది తర్వాత, రీఅడ్మిషన్ తీసుకుని జూనియర్లతో కలిసి చదవాలి.

ఈ ఏడాదిలో చేయాల్సిన పనులు మూడు. అంతకుముందు సెమిస్టర్లలో మిగిలిన బ్యాక్‌లాగ్‌లు ఉంటే సప్లిమెంటరీలో రాసేయండి, వాటికి ఈ డీటెన్షన్ అడ్డు రాదు. రీఅడ్మిషన్ దరఖాస్తు గడువు తరగతులు మొదలయ్యే సమయానికే ఉంటుంది కాబట్టి ఆ సెమిస్టర్ క్యాలెండర్ రాగానే కాలేజీలో ఇవ్వండి. గడువు దాటితే మరో ఏడాది పోతుంది. జూనియర్లది కొత్త రెగ్యులేషన్ అయితే మీరూ దానిలోకి మారతారు. అప్పుడు మీరు ఇప్పటికే చదివేసిన సబ్జెక్టులు, కొత్తగా చదవాల్సినవి ఏవో సబ్‌స్టిట్యూట్ సబ్జెక్టుల ఉత్తర్వుగా యూనివర్సిటీ నుంచి తీసుకోవాలి. ఈ మూడోదాన్ని చాలామంది ఆఖరి సంవత్సరం వరకూ పట్టించుకోరు. క్రెడిట్లు లెక్కపెట్టే రోజు ఒక సబ్జెక్టు లేదని తేలుతుంది.

ఫీజు రీయింబర్స్‌మెంట్‌తో చదువుతున్నవాళ్లు ఇంకో విషయం గమనించాలి. ఒకే సంవత్సరాన్ని రెండోసారి చదివితే ఆ కాలానికి ప్రభుత్వం మళ్లీ ఇవ్వదు. ఆ ఫీజు ఎంతో ముందే కనుక్కుని, వాయిదాల్లో కడతామని అకౌంట్స్‌లో రాసి ఇవ్వండి. లేకపోతే ఏడాది తర్వాత వచ్చే కొత్త సమస్య బాకీ సమస్య అవుతుంది.

బాకీ వల్ల ఆపితే

ఇది హాజరు సమస్యకు పూర్తిగా భిన్నం. ఇక్కడ రెగ్యులేషన్ మీ వైపు ఉంది. మీకు హాజరు ఉంది, పరీక్ష ఫీజు కట్టారు, యూనివర్సిటీ హాల్ టికెట్ ఇచ్చింది. కాలేజీకి మీరు డబ్బు బాకీ ఉంటే దాన్ని వసూలు చేసుకునే దారులు కాలేజీకి వేరే ఉన్నాయి.

ముందు బాకీ ముక్కలు ముక్కలుగా రాయించుకోండి. "మొత్తం 78,000" అంటే ఒప్పుకోకండి. ట్యూషన్ ఫీజు ఎంత, స్పెషల్ ఫీజు ఎంత, బస్సు ఎంత, హాస్టల్ ఎంత, లైబ్రరీ జరిమానా ఎంత? అప్పుడు అందులో ఎంత నిజంగా మీ బాకీయో తేలుతుంది. కన్వీనర్ కోటాలో ట్యూషన్ ఫీజును తెలంగాణలో ప్రవేశాలు, ఫీజుల నియంత్రణ కమిటీ అయిన టీఏఎఫ్‌ఆర్‌సీ, ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నత విద్యా నియంత్రణ పర్యవేక్షణ కమిషన్ ఖరారు చేస్తాయి. ఆ అంకె దాటి అడిగితే అది బాకీ కాదు, అదనపు వసూలు. దాని మీద అక్కడే ఫిర్యాదు చేయొచ్చు.

ట్యూషన్ ఫీజు రీయింబర్స్‌మెంట్‌లో ఉంటే, తెలంగాణవాళ్లు `telanganaepass.cgg.gov.in`లో, ఆంధ్రవాళ్లు `jnanabhumi.ap.gov.in`లో మీ దరఖాస్తు స్థితి పేజీ తీసి, మంజూరైందో లేదో చూసి ప్రింట్ పెట్టుకోండి. ప్రభుత్వం దగ్గర ఆగిన డబ్బును మీ పేర బాకీగా రాయడం తప్పని దరఖాస్తులో రాయండి. ప్రభుత్వం ఆలస్యం చేయడం వల్ల కాలేజీలూ ఇబ్బంది పడుతున్న మాట నిజమే, నెలల తరబడి మాకు జీతాలు ఆగిన రోజులు ఉన్నాయి. అయినా ఆ భారాన్ని పరీక్ష ముందు రోజు పిల్లల మీద పెట్టడం అన్యాయం. నేను మా కాలేజీ మీటింగ్‌లో కూడా ఇదే మాట చెప్పాను.

బాకీ నిజంగా ఉండి, డబ్బు లేకపోతే రెండు భాగాలుగా మాట్లాడండి. ఇప్పుడు ఇంత కడతాం, మిగిలింది ఫలానా తేదీలకు ఇంతింత కడతాం అని తండ్రి సంతకంతో అండర్‌టేకింగ్ ఇవ్వండి. చాలా కాలేజీలు ఇక్కడే ఒప్పుకుంటాయి. ఒప్పుకోని బాకీని తప్పనిసరై కట్టాల్సి వస్తే, "అభ్యంతరం తెలుపుతూ కడుతున్నాను" అని ఈమెయిల్ చేసి కట్టండి. సంతకం చేసిన ఖాళీ చెక్కు ఇవ్వకండి. టెన్త్ మెమో, ఇంటర్ మెమో ఒరిజినల్స్ తాకట్టులా ఉంచకండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు సంస్థలు తమ దగ్గర అట్టిపెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది.

'నో డ్యూస్' ఫారం మీద ఆరుగురు సంతకాలు చేయాలంటారు: లైబ్రరీ, ల్యాబ్, హాస్టల్, బస్సు, అకౌంట్స్, హెచ్‌ఓడీ. అందులో ఒకరు ఆ రోజు సెలవులో ఉంటారు. లిస్ట్ కోసం ఎదురుచూడకుండా క్లాసులు ముగిసే వారమే ఆ సంతకాలు పూర్తి చేసుకోండి. పరీక్ష ముందు రోజు ఒక పుస్తకం జరిమానా కోసం లైబ్రేరియన్‌ను వెతుక్కుంటూ తిరిగిన పిల్లలను చూశాను.

ఇంటర్ విద్యార్థులకు

ఇక్కడ బాకీ కోసం ఆపడం దాదాపు కుదరదు, ఎందుకంటే హాల్ టికెట్ మీరే తీసుకోవచ్చు. తెలంగాణలో `tgbie.cgg.gov.in`, ఆంధ్రప్రదేశ్‌లో `bie.ap.gov.in` సైట్లలో పాత హాల్ టికెట్ నంబరు, పుట్టినతేదీ ఇస్తే వస్తుంది. ఫస్టియర్‌వాళ్లు టెన్త్ నంబరు వాడొచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో 2025 నుంచి మన మిత్ర వాట్సాప్ నంబరు 9552300009 ద్వారా కూడా ఇస్తున్నారు. ఫీజుల కోసం కాలేజీలు ఆపుతున్నాయన్న ఫిర్యాదుల తర్వాతే ఈ ఏర్పాటు వచ్చింది. అలా డౌన్‌లోడ్ చేసిన దాని మీద ప్రిన్సిపాల్ సంతకం లేకపోయినా అనుమతిస్తామని బోర్డులు చెబుతూ వచ్చాయి. ప్రింట్ మీద పేరు, ఫొటో, సబ్జెక్టులు, మీడియం సరిగా ఉన్నాయో చూసుకోండి. తప్పుంటే, లేదా ప్రాక్టికల్స్‌కు రానివ్వం అని బెదిరిస్తే జిల్లా ఇంటర్మీడియట్ విద్యాధికారికి ఆ రోజే ఫిర్యాదు ఇవ్వండి.

పైకి వెళ్లాల్సి వస్తే

ప్రిన్సిపాల్ దగ్గర పని కాకపోతే యూజీసీ 2023 నిబంధనల ప్రకారం ప్రతి ఉన్నత విద్యాసంస్థలోనూ విద్యార్థి ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలి. అది ఫిర్యాదు అందిన 15 పనిదినాల్లో నివేదిక ఇవ్వాలి. ఆ నిర్ణయం నచ్చకపోతే 15 రోజుల్లో యూనివర్సిటీ అంబుడ్స్‌పర్సన్‌కు అప్పీలు చేయొచ్చు, అక్కడ 30 రోజుల్లో తేల్చే ప్రయత్నం చేయాలి. ఈ అంకెలు చూస్తేనే అర్థమవుతుంది, పరీక్షకు మూడు రోజుల ముందు ఇది పనిచేయదు. అయినా ఫిర్యాదు ఇచ్చి, నంబరు తీసుకోండి. ముందు మెట్లు ఎక్కలేదనే అభ్యంతరం హైకోర్టులో రాకుండా ఆ నంబరు కాపాడుతుంది. అదే రోజు యూనివర్సిటీ రిజిస్ట్రార్‌కూ, పరీక్షల నియంత్రణాధికారికీ ఈమెయిల్ పంపండి.

ఆఖరి దారి రాజ్యాంగం 226వ అధికరణ కింద హైకోర్టులో రిట్. తెలంగాణకు హైదరాబాద్‌లో, ఆంధ్రప్రదేశ్‌కు అమరావతిలో. పరీక్ష రేపే అయితే లాయరు ఉదయం బెంచ్ అనుమతి తీసుకుని, అదే రోజు భోజన విరామం తర్వాత వాదనకు తెస్తారు. దాన్నే లంచ్ మోషన్ అంటారు. ప్రభుత్వం, యూనివర్సిటీ, కాలేజీ ముగ్గురినీ ప్రతివాదులుగా చేరుస్తారు. తీసుకెళ్లాల్సినవి పైన మీరు జమ చేసిన కాగితాలే: హాజరు ప్రింటవుట్, తప్పుల పట్టిక, ముట్టినట్టు సంతకాలు, వైద్య కాగితాలు, ఫీజు రసీదులు, రెగ్యులేషన్ పేజీ, పరీక్ష టైంటేబుల్. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, పిల్లలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంటుంది. ఫోన్ 15100.

కోర్టులో ఏం దొరుకుతుందో, ఏం దొరకదో ముందే తెలుసుకుని వెళ్లండి. లెక్క తప్పింది, రుజువు ఇచ్చినా చూడలేదు, అదే పరిస్థితిలో ఉన్న మరొకరికి ఇచ్చి మీకు ఇవ్వలేదు, బాకీ కోసం యూనివర్సిటీ ఇచ్చిన హాల్ టికెట్ ఆపారు అంటే వింటారు. 58 శాతం ఉంది, కనికరించండి అంటే సాధారణంగా జోక్యం చేసుకోరు. చదువు ప్రమాణాలు యూనివర్సిటీ చూసుకోవాల్సిన విషయం అంటారు. మధ్యంతర ఉత్తర్వు వచ్చి పరీక్ష రాసినా, ఫలితం కేసు తీర్పుకు లోబడి ఉంటుంది. కేసు ఓడిపోతే రాసిన పేపర్లకు విలువ ఉండదు. ఉత్తర్వు కాపీ చేతికి అందగానే ఎగ్జామ్ బ్రాంచ్‌కూ, పరీక్షా కేంద్రం చీఫ్ సూపరింటెండెంట్‌కూ ఇచ్చి సంతకం తీసుకోవాలి, లేకపోతే గేటు దగ్గర మళ్లీ వాదన మొదలవుతుంది.

ఆ అమ్మాయికి కోర్టు దాకా అవసరం రాలేదు. మిడ్ మార్కుల ప్రింట్ చూపించిన రెండో రోజు కింది గది షీట్ పరీక్షల స్టోర్‌లో దొరికింది, ఐదు పేపర్లకూ ఆమె సంతకాలతో. కండొనేషన్ ఫీజు కట్టి, మొదటి పేపరు ముందు రోజు సాయంత్రం నాలుగున్నరకు హాల్ టికెట్ తీసుకుంది. కిటికీ దగ్గర వాళ్ల నాన్న దాన్ని తిప్పి చూసి, వెనక ఖాళీగా ఉందేమిటని అడిగారు. "అంతే ఉంటుంది నాన్నా" అని చెప్పి, ఆ అమ్మాయి దాన్ని పుస్తకంలో పెట్టుకుంది.